సూప్ చల్లారితే ముందు మూతను అనుమానించండి

ప్రశ్న: మేడమ్, నేను చిన్న వంటగది నడుపుతున్నాను. రోజుకు వంద ఆర్డర్ల దాకా పార్సిల్ వెళ్తాయి. ఒక్కో ఆర్డర్‌లో అర లీటరు సూప్, అన్నం, ఒక వేపుడు, రెండు చిన్న కప్పుల్లో సాస్, స్పూను ఉంటాయి. మా పిల్లలే బండి మీద అరగంటలో చేరుస్తారు. ప్లాస్టిక్ మానేద్దామని నెల క్రితం అన్నీ ఒకేసారి చెరకు పిప్పి డబ్బాల్లోకి మార్చాను. అప్పట్నుంచీ సూప్ చల్లారిపోతోందని, వేపుడు మెత్తబడుతోందని ఫోన్లు. అడుగు తడిసి సంచిలోకి కారిన రోజులూ ఉన్నాయి. ప్యాకింగ్ ఖర్చేమో రెట్టింపైంది. మళ్ళీ ప్లాస్టిక్‌కి వెళ్ళడం ఇష్టం లేదు, ఇలా నడపడం కూడా నావల్ల కావట్లేదు. ఏం చేయమంటారు?

సమాధానం:

కొత్త డబ్బాలేవీ కొనకముందు ఈ రాత్రి ఒక చిన్న పరీక్ష చేయండి. మీ దగ్గరున్న పిప్పి డబ్బాలో అర లీటరు సూప్ మరిగేంత వేడిగా పోసి, మూత పెట్టి, ఒక్కో గ్రాము తేడా చూపించే కాటా మీద తూచి రాసుకోండి. అరగంట బల్ల మీద వదిలేసి మళ్ళీ తూచండి. పాత ప్లాస్టిక్ డబ్బా ఒకటైనా మూలన మిగిలి ఉంటుంది కదా, దానితోనూ అలాగే చేయండి. ప్లాస్టిక్ డబ్బా బరువు ఒకటి రెండు గ్రాములు తగ్గి, పిప్పి డబ్బా బరువు పది గ్రాములు తగ్గిందనుకోండి, మీ సూప్ ఎందుకు చల్లారుతోందో అక్కడే తేలిపోయినట్టు.

పది గ్రాములంటే రెండు టీ స్పూన్ల నీళ్ళు. అంత కొంచెం పోతే ఏమవుతుందిలే అనిపిస్తుంది. కానీ నీరు ఆవిరై పోయేటప్పుడు ఊరికే పోదు, తనతో పాటు బోలెడు వేడిని పట్టుకుపోతుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి దాదాపు 2,300 జౌల్స్ వేడి కావాలి, జౌల్ అంటే వేడిని లెక్కపెట్టే కొలత. పది గ్రాములకి 23,000. అర కిలో సూప్ ఒక్క డిగ్రీ చల్లారితే పోయే వేడి సుమారు 2,100 జౌల్స్. భాగించి చూడండి, ఆ రెండు స్పూన్ల ఆవిరి వల్లే మీ సూప్ 11 డిగ్రీలు పడిపోతుంది. డబ్బా గోడల్లోంచి పోయే వేడి దీనికి అదనం.

డబ్బా దేనితో చేశారన్న దానికి వేడి విషయంలో మనం అనుకునేంత పాత్ర లేదు. అర మిల్లీమీటరు ప్లాస్టిక్ గోడ వేడిని ఆపేది చాలా తక్కువ. డబ్బా బయట గోడని అంటుకుని కదలకుండా ఉండే పల్చటి గాలి పొర అంతకు పదుల రెట్లు ఎక్కువ ఆపుతుంది. పిప్పి గోడ ప్లాస్టిక్ కంటే కాస్త మందం, అందులో కాస్త గాలి కూడా ఉంటుంది కాబట్టి నిజానికి గోడ లెక్కన అదే కొంచెం మెరుగు. మీ విషయంలో తేడా వచ్చింది మూత దగ్గర. ప్లాస్టిక్ మూత టక్కున పట్టుకుంటుంది. పిప్పి మూతకి ఆ సాగే గుణం లేదు. పైగా ఆవిరి తగిలి అంచు మెత్తబడిన కొద్దీ ఇంకా వదులవుతుంది. బండి గతుకుల్లో ఎగిరిన ప్రతిసారీ అక్కడ్నుంచి ఒక గుక్క ఆవిరి బయటకి పోతుంది. సూప్ కారింది కూడా సగం సార్లు అడుగు నుంచి కాక ఈ అంచు నుంచే అయి ఉంటుంది. అంచు నుంచి జారి అడుగున చేరితే అడుగే తడిసినట్టు కనిపిస్తుంది. ఈసారి ఫోన్ వచ్చినప్పుడు మూత కింద గోడ మీద చారలున్నాయేమో అడగండి.

ఇప్పుడు అంకెలు ఎక్కడ ఉండాలో చూద్దాం. వండిన ఆహారం తినే వరకు 60 డిగ్రీల పైన ఉంచాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే నియమం. కస్టమర్ కూడా అంతకన్నా తగ్గితే 'గోరువెచ్చగా ఉంది' అనే అంటాడు. మూత బాగా బిగిసిన అర లీటరు డబ్బాలో 85 డిగ్రీల సూప్ పోసి, 25 డిగ్రీల గదిలో ఊరికే పెడితే నిమిషానికి దాదాపు ఒక డిగ్రీ చొప్పున పడటం మొదలై, అరగంటకి ఇంచుమించు 60 దగ్గరికి వస్తుంది. అంటే మూత సరిగ్గా ఉన్నా మీరు సరిగ్గా గీత మీదే ఉన్నారు. అందులోంచి ఆవిరి వల్ల ఇంకో పది డిగ్రీలు తీసేస్తే ఫోన్ రాక ఏమవుతుంది? అదే డబ్బాని లోపల రేకు పొర, మధ్యలో ఒక సెంటీమీటరు ఫోమ్ ఉన్న డెలివరీ బ్యాగ్‌లో పెట్టి జిప్ వేస్తే, అరగంటకి 75 డిగ్రీల చుట్టూ ఉంటుంది. ఇది లెక్క కట్టిన అంకె, మీ బ్యాగ్‌లో రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూ కావచ్చు. గుచ్చి చూసే థర్మామీటర్ ఒకటి కొనండి. కస్టమర్లు ఫోన్లో చెప్పే దానికంటే అది చెప్పేది నమ్మదగ్గది.

కాబట్టి నేను మీకు చెప్పేది, వేడి కాపాడే పనిని పారేసే డబ్బా నుంచి తీసేసి, పారేయక్కర్లేని బ్యాగ్‌కి అప్పగించమని. డబ్బా చేయాల్సిన పని రెండే, కారకూడదు, ఆవిరి వదలకూడదు. అప్పుడు 'హీట్ ఇన్సులేటెడ్' అని రాసి రెండింతలు ధర చెప్పే రెండు గోడల డబ్బాల జోలికి వెళ్ళక్కర్లేదు. మంచి బ్యాగ్ ఖరీదు ఒక్కసారిగా చూస్తే ఎక్కువ అనిపిస్తుంది. కానీ అది వేల ఆర్డర్లు మోస్తుంది, ఆర్డర్‌కి పంచితే లెక్కలోకి రాదు. మీ పిల్లలే డెలివరీ చేస్తున్నారు కాబట్టి ఇది మీ చేతిలో పని. బయటి డెలివరీ వాళ్ళ మీద ఆధారపడే వంటగదులకి ఈ వీలు లేదు, వాళ్ళు ఏ బ్యాగ్ తెస్తే అదే.

బ్యాగ్ విషయంలో జరిగే పొరపాట్లు రెండు. ఒకటి, ఉదయం మొదటి ఆర్డర్‌కి బ్యాగ్ చల్లగా ఉంటుంది. వేడి నీళ్ళ సీసా ఒకటి పది నిమిషాలు లోపల పెట్టి జిప్ వేయండి. రెండు, పెద్ద బ్యాగ్‌లో చిన్న ఆర్డర్ ఒక్కటే వేసుకుని పోవడం. ఖాళీ జాగా అంతా సూప్ వేడి చేయాల్సిన గాలే. అడ్డంగా ఒక అట్ట పెట్టి జాగా తగ్గించినా చాలు. చల్లటి డ్రింకులు అదే బ్యాగ్‌లో పడేయడం గురించి వేరే చెప్పక్కర్లేదనుకుంటాను, అయినా ఎవరో ఒకరు వేస్తూనే ఉంటారు.

డబ్బా సైజు కూడా చూసుకోండి. పావు లీటరు డబ్బాలు రెండింటికి బదులు అర లీటరుది ఒకటి ఇస్తే వేడి ఎక్కువసేపు నిలుస్తుంది. చిన్న డబ్బాకి లోపలున్న సరుకుతో పోలిస్తే గాలి తగిలే ఒళ్ళు ఎక్కువ మరి. ఇందాకటి లెక్కలో అర లీటరు 60 దగ్గర ఉన్నప్పుడు పావు లీటరు 56 దగ్గరికి వచ్చేస్తుంది. డబ్బాలో పైన ఒక సెంటీమీటరుకు మించి ఖాళీ వదలకండి. రెండు చిన్నవాటికి బదులు ఒక్కటే ఇస్తే ఒక డబ్బా ఖర్చు, ఒక మూత ఖర్చు కూడా తగ్గుతాయి.

ఇక ఏ డబ్బా? సూప్‌ది మొదట తేల్చుకుందాం, కష్టమంతా దానితోనే.

లోపల నున్నగా మెరిసే కాగితం గిన్నెలు చూసి ప్లాస్టిక్ లేదనుకోకండి. కాగితం ఒక్కటే అయితే వేడి ద్రవం పోసిన కాసేపటికే నానిపోతుంది. అది నానకుండా ఆపేది లోపలి పొర. చాలావాటిలో అది మామూలు పాలిథిన్. మూల దగ్గర చింపి నీళ్ళలో కాసేపు నానబెట్టి గోకి చూడండి, పల్చటి కవరు ఊడి వస్తుంది. ఇంకొన్నింటిలో మొక్కజొన్న లాంటి వాటి పిండి నుంచి చేసే పీఎల్ఏ పొర ఉంటుంది. పీఎల్ఏ దాదాపు 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. కాగితానికి అంటించి ఉన్నంతవరకు ఫర్వాలేదు, కానీ పూర్తిగా పీఎల్ఏతో చేసిన పారదర్శకమైన మూతని వేడి సూప్ మీద పెడితే వంకర్లు తిరిగి తెరుచుకుంటుంది. అది ఎరువుగా మారాలన్నా పెద్ద కంపోస్టు యూనిట్లలో ఉండే వేడి కావాలి, పెరటి గుంతలో వేస్తే ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది. 'కంపోస్టబుల్' అన్న ముద్ర ఉంటే ఏ ప్రమాణం ప్రకారమో అడగండి. ఈఎన్ 13432, ఏఎస్‌టీఎమ్ డి6400 లాంటి ప్రమాణాలు చెప్పేది ఆ పెద్ద యూనిట్ల సంగతే. మీ ఊరి చెత్త అలాంటి చోటుకి వెళ్ళకపోతే ఆ ముద్రకి అదనంగా డబ్బు పెట్టడం దండగ. ఇక 'బయోడీగ్రేడబుల్' అన్న మాట ఒక్కటే రాసి, ఎన్నాళ్ళకి, ఎలాంటి చోట అన్నది రాయకపోతే దాన్ని అసలు పట్టించుకోకండి.

మీ సూప్‌కి నా ఓటు అల్యూమినియం ఫాయిల్ డబ్బాకి. అట్ట మూత పెట్టి అంచు చుట్టూ మడిచి నొక్కే రకం. అంచు మడిస్తే ఆవిరికి దారి దొరకదు, నూనె పీల్చదు, ఎంత వేడి పోసినా మెత్తబడదు. దీని మీద రెండు అభ్యంతరాలు ఉన్నాయి, రెండూ న్యాయమైనవే. గనిలోంచి తీసిన ఖనిజం నుంచి అల్యూమినియం చేయడానికి విపరీతంగా కరెంటు ఖర్చవుతుంది. పాతది కరిగించి చేస్తే అందులో ఇంచుమించు 5 శాతమే సరిపోతుంది. అందుకని మీ చుట్టుపక్కల పాత అల్యూమినియం కొనేవాళ్ళు ఉంటేనే ఇది మంచి ఎంపిక. మూత మీద 'కడిగి పాత సామానులో వేయండి' అని ముద్ర కొట్టించండి. మూత లోపలి వైపు ఏ పొర ఉందో కూడా సప్లయర్‌ని అడగండి, కొన్ని అట్ట మూతలకి ఫాయిల్ బదులు పాలిథిన్ పొర ఉంటుంది. రెండో అభ్యంతరం పులుపు. టమాటా, నిమ్మరసం, వెనిగర్ ఎక్కువున్న సూప్ అల్యూమినియాన్ని మెల్లగా కొరుకుతుంది. అరగంట ప్రయాణానికి భయం లేదు కానీ, మిగిలింది అదే డబ్బాతో ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు తినేవాళ్ళుంటారు. పుల్లటి సూప్‌లకి లోపల లాకర్ అనే రక్షణ పూత వేసిన డబ్బాలు అడగండి, లేదా వాటిని కింద చెప్పబోయే స్టీలు డబ్బాల్లోనే పంపండి. మైక్రోవేవ్‌లో పెట్టొద్దని మూత మీద రాయడం మర్చిపోకండి.

అన్నం తేలిక. దానిలో ద్రవం లేదు, ముద్దగా ఉండి వేడి పట్టుకుంటుంది. మడిచి చేసే మామూలు అట్ట డబ్బా, లోపల నూనె పీల్చని బటర్ పేపర్ ఒక ముక్క, అంతే. మీరు ఇప్పటికే కొన్న పిప్పి డబ్బాల్ని పారేయకుండా అన్నానికి వాడేయండి. వాటికి తగ్గ పని అది. ఒకటే జాగ్రత్త, వాటిని నేల మీద, సింకు పక్కన పేర్చకండి. పిప్పైనా అట్టైనా గాలిలోని తేమని పీలుస్తుంది, వాడకముందే సగం మెత్తబడి ఉంటే ఆ తర్వాత ఏం పోసినా అడుగు నిలవదు.

వేపుడు సంగతి దీనికి తలకిందులు. సూప్‌కి ఆవిరి పోకూడదు, వేపుడికి ఆవిరి పోవాలి. వేయించిన ముక్క లోపల తడి ఉంటుంది, అది వేడిగా ఉన్నంతసేపు ఆవిరిగా బయటకి వస్తూనే ఉంటుంది. మూత బిగిస్తే ఆ ఆవిరి మూతకి తగిలి నీటి బొట్లై మళ్ళీ ముక్కల మీదే పడుతుంది. మీ వేపుడు మెత్తబడింది అందుకే, ప్లాస్టిక్‌లో పంపిన రోజుల్లోనూ కాస్తో కూస్తో మెత్తబడే ఉంటుంది. నూనెలోంచి తీయగానే జల్లెడ మీద రెండు నిమిషాలు ఉంచండి. మొదట్లో తన్నుకొచ్చే ఆవిరి, కారే నూనె అక్కడే పోతాయి. కాగితం మీద కుప్ప పోస్తే అడుగున ఉన్నవి తమ ఆవిరిలోనే ఉడుకుతాయి. తర్వాత పక్కల రంధ్రాలున్న అట్ట పెట్టెలోగానీ, పైన ఒక్క మడత మాత్రమే వేసిన కాగితం సంచిలోగానీ పెట్టి, సూప్ ఉన్న బ్యాగ్ లోపల కాకుండా దాని బయటి జేబులో వేయండి. ఇలా చేస్తే వేపుడు సూప్ అంత వేడిగా చేరదు, కరకరలాడుతూ మాత్రం చేరుతుంది. రెండూ కావాలంటే కుదరదు, నేనైతే కరకరనే ఎంచుకుంటాను.

వేపుడు పెట్టే కాగితం, పిప్పి డబ్బాల గురించి ఇంకో మాట. నూనె అంటకుండా ఉండటానికి వీటికి పీఎఫ్ఏఎస్ అనే ఫ్లోరిన్ రసాయనాలు కలపడం చాలాకాలం మామూలు విషయం. అవి ప్రకృతిలో తేలిగ్గా విడిపోవు, ఒంట్లోనూ పేరుకుంటాయి. అమెరికాలో ఆహారం తాకే కాగితానికి వీటిని అమ్మడం ఆగిపోయిందని అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో ప్రకటించింది, మిగతా చోట్ల మీరే అడిగి తెలుసుకోవాలి. ఇంట్లో చేసుకునే చిన్న పరీక్ష ఒకటుంది. మెరుపు పూత లేని డబ్బా మీద ఆలివ్ నూనె ఒక్క చుక్క వేయండి. చుక్క పరుచుకుంటేనో, పీల్చుకుపోతేనో సరే. తామరాకు మీద నీటిబొట్టులా గుండ్రంగా నిలబడితే అనుమానించి, సప్లయర్ దగ్గర ఫ్లోరిన్ పరీక్ష రిపోర్టు అడగండి. ఇది ఖాయమైన రుజువు కాదు, అడగడానికి ఒక కారణం మాత్రమే.

శాంపిల్ తెప్పించుకున్నాక దాన్ని మీ సూప్‌తోనే పరీక్షించండి. చాలామంది నీళ్ళు పోసి చూసి సరే అనుకుంటారు. నీరు నిలిచిన డబ్బాలోంచి కూడా వేడి నూనె తేలే సూప్ దారి చేసుకుంటుంది. మామూలుగా పంపేంత వేడిలో పోసి మూత వేయండి, తెల్ల కాగితం మీద అరగంట నిలబెట్టండి, ఆ తర్వాత ఒక నిమిషం పక్కకి వాల్చండి. కాగితం మీద మరక చూస్తే అడుగు నుంచో, అంచు నుంచో తెలుస్తుంది. ఆ తర్వాత ఒక డబ్బాని నిజంగానే బండి మీద వీధి చుట్టి తీసుకురమ్మనండి. తూకం పరీక్ష ఎలాగూ ఉంది.

ఒక్క శాంపిల్‌తో ఆగకండి. నేను వంటగది నడిపిన రోజుల్లో ఒక సప్లయర్ ఇచ్చిన శాంపిల్ గిన్నెలు తలకిందులు చేసినా చుక్క రాలలేదు. సంతోషంగా రెండు నెలల సరుకు తెప్పించాను. మొదటి పెట్టె బాగానే ఉంది. రెండో పెట్టెలో మూతలు వేరే అచ్చులో చేసినవి, ఒక వెంట్రుకవాసి పెద్దవి. ఆ మధ్యాహ్నం పదకొండు సంచుల్లో సూప్ పారింది. అడిగితే 'గిన్నె అదే కదండీ' అన్నాడు. గిన్నె అదే, నిజమే! అప్పట్నుంచీ ప్రతి కొత్త పెట్టెలోంచీ ఐదు మూతలు తీసి, వేడి నీళ్ళు పోసిన ఐదు గిన్నెలకి పెట్టి, తలకిందులు చేసి చూశాకే మిగతావి అరలోకి సర్దించేదాన్ని. ఐదు నిమిషాల పని.

ఖర్చు లెక్కకి వద్దాం. ధరలు ఊరికో తీరు కాబట్టి, మీ పాత ప్లాస్టిక్ సెట్ మొత్తం ఖర్చుని పది వంతులు అనుకుందాం. వాటాలు నా అంచనాలు, మీ బిల్లు చూసి మార్చుకోండి. సూప్ డబ్బా 3, అన్నం డబ్బా 2, వేపుడు డబ్బా 2, సాస్ కప్పులు రెండూ కలిపి 1, స్పూను 1, సంచి 1. మీరు అన్నీ పిప్పిలోకి మార్చగానే అది 20 వంతులైంది. ఎందుకంటే ప్రతి ప్లాస్టిక్ వస్తువుకీ దాని అచ్చు జోడీని వెతికి కొన్నారు. వేపుడికి డబ్బా అసలు అక్కర్లేదు, సంచి చాలు. సాస్ అందరికీ అక్కర్లేదు, స్పూను అంతకన్నా అక్కర్లేదు, ఇంటికి తెప్పించుకునేవాళ్ళ ఇంట్లో స్పూన్లుంటాయి. ఆర్డర్ తీసుకునేటప్పుడే 'స్పూను కావాలా?' అని అడిగి, కావాలన్న వాళ్ళకే వేయండి.

అప్పుడు లెక్క ఇలా తిరుగుతుంది. అల్యూమినియం సూప్ డబ్బా మూతతో కలిపి 5, అన్నానికి అట్ట డబ్బా రెండున్నర, వేపుడికి కాగితం సంచి 1. పిప్పి సాస్ కప్పుల జత 2 వంతులు, సగం మందే అడిగితే సగటున 1. చెక్క స్పూను 2 వంతులు, నలుగురిలో ఒకరు అడిగితే అర వంతు. గట్టి కాగితం సంచి రెండున్నర. మొత్తం పన్నెండున్నర. ప్లాస్టిక్ కంటే ఇప్పటికీ ఎక్కువే, దాన్ని దాచడంలో అర్థం లేదు. కానీ 20కీ పన్నెండున్నరకీ మధ్య ఉన్న తేడాలో ఎక్కువ భాగం చవక డబ్బా దొరకడం వల్ల రాలేదు, అక్కర్లేనివి మానేయడం వల్ల వచ్చింది.

మిగిలిన రెండున్నర వంతుల్ని ధరలో కలపాలా, మింగాలా అన్నది మీ ఇష్టం. నేనైతే విడిగా 'ప్యాకింగ్ చార్జీ' అని బిల్లులో చూపించను. ఆ మాట చూస్తే అంతకుముందు డబ్బా ఉచితంగా వచ్చేదనే భ్రమ కలుగుతుంది.

పన్నెండున్నరలో అన్నిటికన్నా బరువైనది సూప్ డబ్బానే. దాన్ని ఇంకా తగ్గించాలంటే తిరిగొచ్చే స్టీలు డబ్బాలే దారి, అయితే అందరికీ కాదు. వారంలో మూడు నాలుగు రోజులు ఒకే చిరునామాకి వెళ్ళే ఆర్డర్లు మీకు ఎన్నున్నాయో ముందు లెక్కపెట్టండి. ఆఫీసులు, హాస్టళ్ళు, ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు. వాళ్ళ దగ్గర నిన్నటి ఖాళీ డబ్బా తీసుకుని ఈరోజుది ఇచ్చి రావచ్చు, అదనంగా తిరగక్కర్లేదు. అప్పుడొకసారీ ఇప్పుడొకసారీ ఆర్డర్ చేసేవాళ్ళకి స్టీలు ఇస్తే అది వాళ్ళ వంటింట్లో స్థిరపడిపోతుంది.

అదే కొలతలో, క్లిప్పులున్న స్టీలు డబ్బా ఒకటి 60 వంతులనుకుందాం. ఒక్కోసారి కడగడానికి ఒక వంతు. అది 15 సార్లు తిరిగితే ఒక్కో వాడకానికి డబ్బా ఖర్చు 4, కడగడం 1, మొత్తం 5. అల్యూమినియంతో సరిసమానం. ఇరవై సార్లు తిరిగితే 4 వంతులకి దిగుతుంది. పదిసార్లకే పోతే 7, నష్టం. అంటే పంపిన ప్రతి పదిహేను డబ్బాల్లో ఒకటి కంటే ఎక్కువ పోకూడదు. డిపాజిట్ డబ్బా ఖరీదుకి దగ్గరగా పెట్టండి, నామమాత్రంగా పెడితే డబ్బా కొనుక్కున్నట్టే ఉంటుంది వాళ్ళకి. ఎన్ని కొనాలన్నదీ ఊరికే అంచనా వేయకండి. రోజుకు 30 డబ్బాలు వెళ్ళి, ఒక్కోటి తిరిగి రావడానికి సగటున మూడు రోజులు పడితే 90 బయటే ఉంటాయి. కడిగి ఆరడానికి ఒక రోజు వాటా కలిపితే 120. మొదట పదిమంది ఖాతాదారులతో మొదలుపెడితే నలభై సరిపోతాయి.

స్టీలుతో ఒక చిన్న తిరకాసుంది. పావు కిలో బరువున్న చల్లటి డబ్బాలో సూప్ పోస్తే, డబ్బా తాను వేడెక్కడానికే సూప్‌లోంచి మూడు డిగ్రీలు లాక్కుంటుంది. పోసే ముందు మరిగే నీళ్ళతో ఒకసారి కడిగి వంపేస్తే ఆ మూడూ మిగులుతాయి. మూతలోని రబ్బరు రింగుని ప్రతిసారీ ఊడదీసి కడిగించండి. కింద జిడ్డు నిలిచేది, వాసన పట్టేది అక్కడే. మూసి ఉంచకుండా పూర్తిగా ఆరాకే పేర్చండి.

అన్నీ ఒకేరోజు మార్చడం వల్లే పోయిన నెల ఏ ఫోన్ ఎందుకొచ్చిందో మీకు తెలియలేదు. ఈసారి మొదటి వారం డబ్బాలు ముట్టుకోకుండా బ్యాగ్ ఒక్కటే మార్చి, కస్టమర్ గుమ్మం దగ్గర రోజుకు ఐదు ఆర్డర్లలో థర్మామీటర్ పెట్టి చూడమని మీ పిల్లలకి చెప్పండి. తెరిచిన డబ్బా కస్టమర్‌కి ఇవ్వలేం కదా అంటారేమో, అందుకే ఆ ఐదు ఆర్డర్లతో పాటు ఒక డబ్బా వేడి నీళ్ళు అదనంగా పంపండి, దాన్నే తెరిచి చూస్తారు. రెండో వారం సూప్ డబ్బా, మూడో వారం వేపుడు సంచి. స్పూను అడగడం మాత్రం రేపటి నుంచే మొదలుపెట్టొచ్చు.